పెన్షన్ ఫొటోలో నవ్వు: ఏడు రోజుల పని డైరీ

1వ రోజు: చేతికి వచ్చినవి

విశాఖ కోటవీధిలోని ఒక కుటుంబం కోసం చేస్తున్న ఫొటో ఎడిటింగ్ పని ఇది. డబ్బు తీసుకోకుండా చేస్తున్నది. ఇంటి పెద్దాయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, నిరుడు కాలం చేశారు. సంవత్సరీకానికి గోడకు పెట్టే పటం కావాలి. ముఖం స్పష్టంగా ఉన్న ఫొటో ఒక్కటే దొరికింది. పెన్షన్ కాగితాల కోసం జగదాంబ సెంటర్ దగ్గర తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ప్రింటు అది. అందులో ఆయన ముఖం బిగుసుకుపోయి ఉంది. "మా నాన్న ఇంత కోపంగా ఎప్పుడూ ఉండేవారు కాదండీ, కాస్త నవ్వు మొహం పెట్టగలరా?" అని కూతురు అడిగారు.

నవ్వు ఎక్కడినుంచి తేవాలన్నది ఈ పనిలో మొదటి ప్రశ్న. మూతి మూలలు రెండూ పైకి లాగితే నవ్వు వస్తుంది, కానీ అది ఎవరి నవ్వో ఎవరూ చెప్పలేరు. ఆయన నవ్విన ఫొటో ఒక్కటైనా లేకుండా పని మొదలుపెట్టకూడదని ముందే చెప్పాం. మర్నాటికి ఆల్బం ఒకటి తెచ్చారు. సింహాచలం కొండ మీద జరిగిన పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటో, అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. వెనక వరసలో చిన్నగా ఉన్నారు, పళ్ళు కనపడకుండా నవ్వుతున్నారు. పటానికి ఆ ఫొటో పనికిరాదు, కొలతలకు మాత్రం అదే ఆధారం.

పాస్‌పోర్టు ప్రింటు 35 × 45 మిల్లీమీటర్లు. 1200 డీపీఐలో స్కాన్ చేస్తే 1653 × 2126 పిక్సెళ్ళు వచ్చింది. ఇందులో అసలు వివరం అంత లేదు. ఇలాంటి ప్రింట్లు సుమారు 300 డీపీఐలో అచ్చవుతాయి, ఆపైన స్కానర్ చదివేది కాగితం గరుకుని. అయినా ఎక్కువ పిక్సెళ్ళు ఉంటే లాగేటప్పుడు అంచులు మెట్లు మెట్లుగా విరగవు. పటం 8 × 10 అంగుళాలకు మించి వద్దని ఒప్పించాం. అంతకన్నా పెంచితే చర్మం మెత్తగా మైనంలా కనిపిస్తుంది, దానికి ఏ ఎడిటింగూ మందు కాదు.

ఒక చిన్న విషయం. ఈ ఊరి సముద్రపు తేమకి ఆల్బంలో ఉన్న ప్రింట్ల మీద బూజు మచ్చలు పడతాయి. ఈ ప్రింటు మీద మూడున్నాయి, ఒకటి సరిగ్గా కుడి మూతి మూల దగ్గర. వాటిని ఇప్పుడే ఫొటోషాప్‌లో Healing Brush తో తీసేశాం. ముందు లాగి తర్వాత మచ్చ తీద్దామనుకుంటే గుండ్రటి మచ్చ గీతలా సాగి ముడతలో కలిసిపోతుంది. అప్పుడు ఏది ముడతో ఏది బూజో తేలదు.

2వ రోజు: కొలతలు

రెండు ఫొటోల్లో ముఖం సైజులు వేరు కాబట్టి పిక్సెళ్ళను నేరుగా పోల్చలేం. కనుపాపల మధ్య దూరాన్ని గజంబద్దగా పెట్టుకున్నాం. నవ్వినా ఏడ్చినా మారని దూరం అది. పాస్‌పోర్టు స్కాన్‌లో అది 416 పిక్సెళ్ళు, ఆల్బం స్కాన్‌లో 118.

కావలసిన కొలతలు రెండే. ఒకటి, కనుపాపలను కలిపే గీత నుంచి ఒక్కో మూతి మూల వరకు కిందికి ఉన్న దూరం. రెండోది మూతి వెడల్పు. ఈ రెంటినీ కనుపాపల దూరంతో భాగించాం. పెన్షన్ ఫొటోలో మూలలు రెండూ 1.08 దగ్గర ఉన్నాయి, మూతి వెడల్పు 0.80. ఆల్బం ఫొటోలో ఎడమ మూల 1.02, కుడి మూల 1.05, వెడల్పు 0.87.

అంటే ఆయన నవ్వినప్పుడు ఎడమ మూల కుడిదానికి రెట్టింపు లేస్తుంది. పెన్షన్ ఫొటో పిక్సెళ్ళలోకి మారిస్తే ఎడమ మూల 25, కుడి మూల 12 పిక్సెళ్ళు పైకి రావాలి. మూతి మొత్తం మీద 29 పిక్సెళ్ళు వెడల్పవ్వాలి. మనిషి ముఖం మీద లెక్కేస్తే ఎడమ మూల కదిలేది నాలుగు మిల్లీమీటర్ల లోపే. "నవ్వు పెట్టడం" అనగానే చెయ్యి అలవాటుగా ఎంత లాగేస్తుందో తెలిసినవాళ్ళకి ఈ అంకె ఎంత చిన్నదో అర్థమవుతుంది.

ఈ కొలతల్ని మరీ గట్టిగా నమ్మకూడదు. ఆల్బం ఫొటోలో ఒక్క పిక్సెల్ పొరపాటు పడితే మన ఫొటోలో అది మూడున్నర పిక్సెళ్ళవుతుంది. కాబట్టి 25 అంటే 21కీ 29కీ మధ్య ఎక్కడైనా అని అర్థం. ఎడమ ఎక్కువ, కుడి తక్కువ అన్న తేడా మాత్రం ఆ పొరపాటు కన్నా పెద్దది, దాన్ని నమ్మవచ్చు.

కొలిచే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది తల వంపు. తల కాస్త దించితే కళ్ళకీ మూతికీ మధ్య దూరం తగ్గి, నవ్వకపోయినా మూలలు లేచినట్టు లెక్క వస్తుంది. దీన్ని చెవులు పట్టిస్తాయి. తల దించితే కళ్ళ గీతతో పోల్చినప్పుడు చెవులు పైకి జరుగుతాయి, ఎత్తితే కిందికి. రెండు ఫొటోల్లోనూ చెవి పైఅంచు కనుబొమ దగ్గరే ఉంది కాబట్టి వంపు దాదాపు ఒకటే. రెండోది, ఆల్బం ప్రింటు కుడి ఎడమలు తారుమారై ఉండవచ్చు. ఫిలిం రోజుల్లో నెగెటివ్ తిరగేసి పెట్టి ప్రింటు వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మగవాళ్ళ చొక్కా జేబు తొడుక్కున్నవారి ఎడమవైపు ఉంటుంది. ఆల్బంలోనూ ఎడమవైపే ఉంది, సరిపోయింది. ఇది చూడకపోతే ఆయన నవ్వుని కుడి చెంపకు అతికించి, ఎక్కడ తేడా కొట్టిందో తెలియక నెల రోజులు వెతుక్కునేవాళ్ళం. ఈ డైరీలో ఎడమ, కుడి అన్నచోటల్లా ఆయన ఎడమ, ఆయన కుడి అనే.

3వ రోజు: మూతి

ముఖం లేయర్‌కి నకలు తీసి Smart Object చేసి Filter > Liquify తెరిచాం. 2016 నుంచి ఇందులో ముఖాన్ని గుర్తుపట్టే స్లైడర్లు ఉన్నాయి, Mouth కింద Smile అని ఒకటుంటుంది. దాన్ని 35కి జరిపి చూశాం. మూలలు రెండూ సమానంగా లేచాయి, పెదవుల గీత గిన్నె అంచులా వంగింది. చక్కటి నవ్వే, ఆయనది కాదు. కళ్ళకున్నట్టు మూతికి ఎడమ కుడి విడివిడి స్లైడర్లు లేవు. అందుకని దాన్ని సున్నాకి తెచ్చి, Forward Warp తో చేత్తోనే లాగాం.

ఇక్కడ బ్రష్ సైజే కీలకం. మొదట 80 పిక్సెళ్ళతో లాగితే మూల ఒక్కటే పైకి కొక్కెంలా లేచింది, చుట్టూ చెంప ఉన్నచోటే ఉండిపోయింది. నాటకంలో విదూషకుడికి రంగుతో గీసే నవ్వు ఇలాగే ఉంటుంది. నిజంగా నవ్వేటప్పుడు మూలను పట్టి లాగే కండరం చెంప ఎముక నుంచి ఏటవాలుగా దిగుతుంది. అది బిగిస్తే మూలతోపాటు చెంప కింది భాగమంతా పైకీ పక్కకీ కదులుతుంది. అందుకని బ్రష్ 320కి పెంచాం, Pressure 20కి తగ్గించాం. నిలువుగా కాకుండా చెవి పైభాగం వైపు ఏటవాలుగా చిన్న చిన్న తోపులతో నెట్టాం. ఎడమకు తొమ్మిది తోపులు పట్టాయి, కుడికి ఐదు. ముక్కు కదలకుండా ముందే Freeze Mask తో కప్పాం.

మీసంతో కాస్త పేచీ వచ్చింది. ఆయనది తెల్లటి ఒత్తు మీసం, పైపెదవిని సగం కప్పుతుంది. మీసాన్ని కూడా Freeze చేస్తే దాని కింద పెదవి మాత్రం జారి, మీసం అతికించినట్టు కనిపించింది. వదిలేస్తే వెంట్రుకలు వంకర్లు తిరిగాయి. చివరికి పెద్ద బ్రష్‌తో మీసాన్ని పెదవితోపాటే కదలనిచ్చి, కొసల దగ్గర మాత్రం పాత వెంట్రుకల నకలు పెట్టి వాటి దిక్కుకు తిప్పి అతికించాం. నవ్వితే పైపెదవి సాగి పలచబడుతుంది. మీసం ఉండడంవల్ల అది చూపించే అవసరం తప్పింది.

మూతి ఎడిట్ చేశాక ఫొటోని తలకిందులుగా తిప్పి తప్పులు వెతికే అలవాటు చాలామందికి ఉంది. బొమ్మలు వేసేవాళ్ళకి అది మంచి అలవాటే. ముఖంలో నవ్వుకి మాత్రం అది పనిచేయదు. 1980లో పీటర్ థాంప్సన్ అనే పరిశోధకుడు మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్ళనూ మూతినీ తిరగేసి చూపించాడు. ఫొటో తలకిందులుగా ఉన్నంతసేపూ అది మామూలు ముఖంలానే ఉంటుంది, నిలబెట్టగానే భయంకరంగా ఉంటుంది. తలకిందులైన ముఖంలో మూతి తప్పుల్ని మన కన్ను పట్టుకోలేదు. అందుకని అద్దంలో చూసినట్టు పక్కకు తిప్పి (Flip Canvas Horizontal) చూశాం, తర్వాత తెర మీద రెండు సెంటీమీటర్లకు కుదించి చూశాం. కుదించినప్పుడు నవ్వు కనిపించకపోతే తక్కువైనట్టు, నవ్వు ఒక్కటే కనిపిస్తే ఎక్కువైనట్టు.

4వ రోజు: కన్ను

మూతి కుదిరింది, ముఖం మాత్రం ఇంకా నవ్వట్లేదు. పెదవులు ఒకటి చెబుతుంటే కళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. ఫ్రాన్స్‌లో డుషెన్ అనే వైద్యుడు 1862లోనే ఈ సంగతి రాశాడు. మూతి కండరాన్ని మనం కావాలని కదిలించగలం, కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజంగా సంతోషం వేసినప్పుడే బిగుస్తుందన్నాడు. 

కళ్ళు నవ్వేలా చేయాలంటే కన్ను చిన్నది చేస్తే చాలనుకోవడం పొరపాటు. Liquify లో Eye Height తగ్గిస్తే కనుగుడ్డు నల్లభాగం కూడా అణిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. Eye Size తగ్గిస్తే దాని వ్యాసమే మారిపోతుంది. పెద్దవాళ్ళలో నల్లభాగం వ్యాసం మనిషికీ మనిషికీ పెద్దగా తేడా లేకుండా 12 మిల్లీమీటర్లకు కాస్త లోపు ఉంటుంది. ఈ ఫొటోలో అది 78 పిక్సెళ్ళు. అందులో నాలుగైదు పిక్సెళ్ళు తగ్గినా చూసేవాళ్ళు కారణం చెప్పలేరు గానీ "కళ్ళు ఆయనవి కావు" అనేస్తారు. కాబట్టి నల్లభాగాన్ని ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాం.

నవ్వినప్పుడు నిజంగా జరిగేది వేరు. చెంప పైకి లేచి కింది రెప్పను తోస్తుంది. ఆ రెప్ప కర్టెన్‌లా లేచి నల్లభాగం అడుగుని కప్పుతుంది. కప్పాలే గానీ నొక్కకూడదు. అందుకని కింది రెప్పను, దాని కిందున్న చర్మాన్ని వేలెడంత పట్టీలా ఎంచుకుని కొత్త లేయర్‌కి నకలు తీశాం. ఆ నకలుని 6 పిక్సెళ్ళు పైకి జరిపాం. పైఅంచు రెప్ప వెంట్రుకల దగ్గర గట్టిగా, కింది అంచు చెంపలోకి కలిసేలా మాస్కు వేశాం. కింద ఉన్న కన్ను చెక్కుచెదరలేదు. 6 పిక్సెళ్ళంటే ఒక మిల్లీమీటరు కూడా లేదు. 10 పెడితే నిద్రమొహం వచ్చింది.

కింది రెప్ప అంచున తడి గీత ఒకటి ఉంటుంది, వెలుతురు పడి సన్నగా మెరుస్తుంది. రెప్పను జరిపేటప్పుడు ఆ మెరుపు కూడా దానితో వెళ్ళాలి. మొదటి ప్రయత్నంలో మాస్కు ఒక పిక్సెల్ కిందికి పడి ఆ గీత చెరిగిపోయింది, కన్ను గాజుకన్నులా అయింది. వంద శాతానికి పెంచి చూస్తే తప్ప దొరకలేదు.

ముక్కు పక్కనుంచి మూతి మూలకు దిగే మడతని కూడా పెంచాలి. ఆయన వయసుకి అది ఎలాగూ ఉంది, కొత్తగా గీయనక్కర్లేదు. 50 శాతం బూడిదరంగు లేయర్ పెట్టి Soft Light చేసి, నల్ల బ్రష్ Flow 4తో ఎడమ మడత మీద ఏడెనిమిది సార్లు, కుడి మీద నాలుగుసార్లు దువ్వాం. ఇంకా లోతుగా చేయాలనిపిస్తుంది, చేయకూడదు. పాస్‌పోర్టు ఫొటోకి రెండు పక్కలా గొడుగు లైట్లు పెట్టి తీశారు, ముఖం మీద గట్టి నీడ అంటూ ఎక్కడా లేదు. అలాంటి వెలుతురులో ఒక్క మడత మాత్రం చిక్కగా ఉంటే అది మసి అంటినట్టుంటుంది.

5వ రోజు: యంత్రం చేసిన నవ్వు

కూతురి తమ్ముడు "యాప్‌లో పెడితే నిమిషంలో నవ్వుతుంది కదండీ" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే, అందుకని ఒక రోజు దానికి కేటాయించాం. ఫొటోలోని ముఖాన్ని కదిలించే LivePortrait అనే ఏఐ ప్రోగ్రాం 2024లో వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది, అందులో smile అని స్లైడర్ కూడా ఉంది. అదే స్కాన్ ఇచ్చి 0.4 దగ్గర ఒకటి, 1.0 దగ్గర ఒకటి తీశాం.

0.4 ఫలితం తీసిపారేయలేం. చెంప, రెప్ప, మూతి మూడూ కలిసి కదిలాయి. చేత్తో రెండు రోజులు పట్టిన పొందిక అందులో దానంతటదే ఉంది. లోపాలు రెండు కనిపించాయి. ఎడమ కుడి సమానంగా లేచాయి. ముఖం భాగాన్ని అది 512 పిక్సెళ్ళ చతురస్రంలో తయారుచేస్తుంది కాబట్టి మన స్కాన్‌లో అతికించాక చర్మం నున్నబడింది, చెంప మీది చిన్న గుంటలు పోయాయి.

1.0 దగ్గర పెదవులు విడి పళ్ళు బయటపడ్డాయి. తెల్లగా, వరసగా, సందు లేకుండా. ఆయనకి కింద ముందుపళ్ళ మధ్య సందు ఉండేదనీ, కిళ్ళీ గార ఉండేదనీ ఇంట్లోవాళ్ళు చెప్పారు. మూసిన నోటి ఫొటోలో పళ్ళ పిక్సెల్ ఒక్కటి కూడా లేదు. లేనిదాన్ని మోడల్ ఎక్కడినుంచో తేవాలి, అది చూసిన వేలమంది ముఖాల సగటు నుంచి తెస్తుంది. కాబట్టి ఆ పళ్ళు ఎవరివీ కావు. ముఖంలో మిగతాదంతా ఆయనదే అయినా పళ్ళు కనపడగానే మనిషి మారిపోయాడు. మూసిన నోటిని తెరిపించకూడదు, తెరిచిన నోటి ఫొటో వేరే ఉంటే తప్ప.

పోలిక మిగిలిందో లేదో అంకెతో తేల్చవచ్చా అన్నది కూడా చూశాం. ముఖాన్ని 512 అంకెల వరసగా మార్చే మోడల్ InsightFace అనే పైథాన్ లైబ్రరీలో ఉంది. రెండు వరసల మధ్య పోలిక 1కి దగ్గరైతే ఒకే మనిషి అని అర్థం. కింద album.png అంటే గ్రూపు ఫొటోలోంచి ఆయన ముఖం ఒక్కటే కత్తిరించినది.

```python
import cv2
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=-1, det_size=(640, 640))

def vec(p):
    return app.get(cv2.imread(p))[0].normed_embedding

a = vec("original.png")
for p in ["hand.png", "lp_04.png", "lp_10.png", "album.png"]:
    print(p, round(float(a @ vec(p)), 2))
```

చేత్తో చేసినదానికి 0.94 వచ్చింది, యంత్రం 0.4కి 0.91, పళ్ళు తెరిచినదానికి 0.85. ఆల్బంలోని అసలు సిసలు ఆయన ఫొటోకి మాత్రం 0.57. ఎవరివో పళ్ళున్న ముఖం, నిజంగా ఆయనే ఉన్న ఫొటో కన్నా "ఎక్కువ ఆయన" అని తేలింది. కారణం చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఎడిట్ చేసినవన్నీ అదే స్కాన్‌లోంచి పుట్టాయి, అదే వెలుతురు, అదే వయసు, అదే కోణం. ఆల్బం ఫొటో పదమూడేళ్ళ ముందుది, చిన్నది, ఎండలో తీసింది. ఈ అంకె ఇద్దరు మనుషుల్ని వేరుచేయడానికి తయారైంది. ఒకే మనిషి ముఖం ఇంట్లోవాళ్ళకి ఎక్కడ పరాయిగా మారుతుందో చెప్పడానికి కాదు. ఎడిట్‌లో అంకె హఠాత్తుగా సగానికి పడితే ఏదో ఘోరం జరిగిందని గుర్తు, పడకపోతే బాగుందని మాత్రం కాదు. InsightFace మోడళ్ళ లైసెన్సు వ్యాపారేతర పరిశోధనకి మాత్రమే, డబ్బు తీసుకునే పనిలో వాడేవాళ్ళు అది చూసుకోవాలి.

చేత్తో చేసినదాన్నే ముందుకు తీసుకెళ్ళాలని నిర్ణయించాం.

6వ రోజు: ఇంట్లోవాళ్ళ ముందు

నవ్వు మోతాదు తేల్చడానికి మూడు ప్రింట్లు వేశాం. ఆల్బం కొలతలో 40 శాతం, 70 శాతం, పూర్తి 100. మోతాదు తగ్గించడానికి లేయర్ Opacity తగ్గించకూడదు. అలా చేస్తే పాత మూతీ కొత్త మూతీ రెండూ సగం సగం కనిపించి అంచులు జంటగా పడతాయి. Liquify లోనే Reconstruct నొక్కి అంకె తగ్గిస్తే లాగిన దూరమే తగ్గుతుంది. రెప్ప లేయర్లనీ అదే లెక్కన జరిపాం: 2, 4, 6 పిక్సెళ్ళు.

పక్కపక్కన పెట్టి చూపించలేదు. అలా పెడితే అందరూ ఆరు తేడాలు కనుక్కోండి ఆటలోకి దిగిపోతారు. ఒక్కొక్కటే చేతికిచ్చి, "బావుందా?" అని కాకుండా "ఈ ఫొటోలో ఆయన ఏ మూడ్‌లో ఉన్నారు?" అని అడిగాం. బావుందా అంటే కష్టపడి చేశారని మొహమాటపడి బావుందంటారు.

పక్కింటాయనకి మూడూ నచ్చాయి. ఆయన అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంతగా తెలియని ముఖాన్ని మనం జుట్టుతో, ముఖం చుట్టుగీతతో గుర్తుపడతాం, అవేమీ మారలేదు. బాగా తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టేది కళ్ళు, ముక్కు, మూతి ఉన్న నడిమి భాగంతో. మనం కదిపిందంతా అక్కడే. కాబట్టి పెద్దాయనతో కలిసి బతికినవాళ్ళ మాటే ఇక్కడ చెల్లుతుంది.

40 శాతం ప్రింటు చూసి పెద్దాయన భార్య "ఇది పాతదేగా" అన్నారు. 100 శాతం ప్రింటు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏటో ఎటకారంగా చూస్తున్నట్టున్నారమ్మా. ఈయనకి ఎటకారం తెలీదు" అన్నారు. 70 శాతం ప్రింటు చూసి ఆయన తమ్ముడు చెప్పిన మాట ఈ పనికంతటికీ తాళంచెవి అయింది. "అన్నయ్యే. కానీ లోపల కోపం పెట్టుకుని పైకి నవ్వుతున్నాడు."

సాయంత్రం ఫొటోని అడ్డంగా రెండుగా కోసి చూశాం. మూతిని కాగితంతో కప్పి పైభాగం ఒక్కటే చూస్తే కోపం అక్కడే ఉంది. పెన్షన్ ఫొటోలో ఆయన కనుబొమలు ముడేసుకుని ఉన్నారు. లైట్లు కళ్ళలో పడి అలా చేసి ఉండవచ్చు. కనుబొమల లోపలి కొసలు దగ్గరికొచ్చి కాస్త కిందికి దిగాయి, మధ్య రెండు నిలువు గీతలు. ఆల్బంలో నవ్వినప్పుడు ఆ ముడి లేదు. ముడేసిన కనుబొమల కింద ఒకవైపు ఎక్కువ లేచిన మూతి పెడితే ఎవరి ముఖమైనా వెటకారమే పలుకుతుంది. ఆయన నవ్వుకి ప్రాణం అనుకున్న ఎడమవైపు వంపే, కనుబొమలు మారకపోవడంవల్ల ఎదురుతిరిగింది. నవ్వు మోతాదు పెంచేకొద్దీ వెటకారమూ పెరిగింది. రెండు మూలల్నీ సమానం చేస్తే వెటకారం పోతుంది, ఆయన కూడా పోతారు.

7వ రోజు: కనుబొమలు

మూతి 70 శాతం దగ్గరే ఉంచాం. కనుబొమల లోపలి కొసల్ని ఒక్కోదాన్ని 4 పిక్సెళ్ళు పక్కకి, 5 పిక్సెళ్ళు పైకి, 200 సైజు బ్రష్‌తో నెట్టాం. బయటి కొసల్ని కదపలేదు, కదిపితే ఆశ్చర్యపోయినట్టు అవుతుంది. నిలువు గీతల్ని వేరే లేయర్‌లో Healing Brush తో పూర్తిగా చెరిపి, ఆ లేయర్ Opacity 50కి తెచ్చాం. ఇక్కడ Opacity తగ్గించవచ్చు, ఏదీ చోటు మారలేదు కాబట్టి జంట అంచులు రావు. గీతల్ని మొత్తం తీసేయలేదు. ఆల్బంలో నవ్వుతున్నప్పుడు కూడా వాటి జాడ సన్నగా ఉంది, అవి ఆయనవే.

లాగిన చోటల్లా కాగితం గరుకు సాగి ఉంది. ముఖ్యంగా ఎడమ చెంప మీద. అన్నిటికంటే పైన ఒక లేయర్ పెట్టి, స్కాన్‌లో ఖాళీగా ఉన్న వెనక గోడ గరుకుకి సరిపోయేలా Add Noise వేసి కొద్దిగా మసకబార్చాం. అంతవరకూ ముఖం మీద ఏదో తేడాగా అనిపించినచోటు దీంతో సర్దుకుంది.

మ్యాట్ కాగితం మీద 8 × 10 ప్రింటు వేసి మళ్ళీ తీసుకెళ్ళాం. ఆయన భార్య కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. నవ్వు గురించి ఏమీ అనలేదు. "మీసం కుడికొస పైకుంది బాబూ. ఆయన ఎప్పుడూ కిందికే దువ్వుకునీవోరు" అన్నారు. చూస్తే నిజమే. మూడో రోజు అతికించిన వెంట్రుకల నకలు కుడివైపు కొద్దిగా పైకి తిరిగి ఉంది. దాన్ని 8 డిగ్రీలు కిందికి తిప్పి ఇంకో ప్రింటు వేశాం. దాని వెనక పెన్సిల్‌తో "నవ్వు మార్చినది, అసలు స్కాన్ వేరే ఉంది" అని రాసి, మార్చని స్కాన్‌నీ పెన్షన్ ప్రింటునీ ఒకే కవరులో పెట్టి కూతురికి ఇచ్చాం.